టేబుల్ కింద ‘ఇన్ఫరెన్స్’ వద్దు: పీజీ థీసిస్ గైడ్లకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల మెడికల్ కాలేజీల్లో ఎండీ, ఎంఎస్ థీసిస్‌లకు గైడ్లుగా ఉన్న అధ్యాపకులందరికీ నమస్కారం.

నేను బయోస్టాటిస్టిక్స్ చెబుతాను. థీసిస్ గడువు దగ్గర పడుతోందంటే పీజీలు మాస్టర్ చార్టు, ఎస్పీఎస్ఎస్ ప్రింటవుట్లు పట్టుకుని టెన్షన్‌తో వస్తారు. వాళ్లు చూపించే రిజల్ట్స్ చాప్టర్ ఏ బ్రాంచి వాళ్లదైనా ఒకే అచ్చులో ఉంటుంది. పేజీ పైభాగాన ఒక టేబుల్. దాని కింద అవే అంకెలతో రంగురంగుల త్రీడీ పై చార్టు. ఆ కింద బోల్డ్ అక్షరాల్లో ‘ఇన్ఫరెన్స్’ అని ఒక వాక్యం. వయసుకు ఒక పేజీ, ఆడామగా లెక్కకు ఒక పేజీ, షుగర్ ఉందా లేదా అన్నదానికి ఇంకో పేజీ. ఈ అచ్చును పిల్లలు కనిపెట్టలేదు. డిపార్ట్‌మెంట్ లైబ్రరీలో ఉన్న సీనియర్ల థీసిస్ చూసి అలాగే దించారు, ఆ సీనియర్లు అంతకు ముందువాళ్లది చూసి దించారు. మీ సంతకం లేనిదే ఏ థీసిస్సూ బయటికి వెళ్లదు కాబట్టి ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను. రిజల్ట్స్ చాప్టర్‌లోంచి ఆ ఇన్ఫరెన్స్ వాక్యాన్ని, దానికి పైనున్న పై చార్టును తీసేయించండి. ఎందుకో ఒక పాత అధ్యయనం దగ్గర పెట్టుకుని చెబుతాను.

1948 అక్టోబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ వాళ్ల స్ట్రెప్టోమైసిన్ ట్రయల్ అచ్చయింది. కొత్తగా వచ్చి రెండు ఊపిరితిత్తులకూ వేగంగా పాకుతున్న క్షయ ఉన్న యువతీ యువకులను ఎంచుకున్నారు. ఎవరికి మందు, ఎవరికి విశ్రాంతి మాత్రమే అన్నది ర్యాండమ్ నంబర్ల ప్రకారం సీలు వేసిన కవర్లలో పెట్టారు. ఆ పద్ధతి గణాంక శాస్త్రవేత్త ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్‌ది. 55 మందికి పడక విశ్రాంతితో పాటు స్ట్రెప్టోమైసిన్, 52 మందికి విశ్రాంతి ఒక్కటే. ఆరు నెలలయ్యాక ఎక్స్‌రేలను ఇద్దరు రేడియాలజిస్టులు, ఒక క్లినీషియన్ ఎవరికి వారు విడిగా చదివారు. ఏ ఫిల్మ్ ఏ గ్రూపుదో వాళ్లకు తెలియదు. వచ్చిన ఫలితం ఇది. శాతాలు నేను మళ్లీ లెక్కకట్టినవి.

| ఆరు నెలల తర్వాత స్థితి | స్ట్రెప్టోమైసిన్, విశ్రాంతి (55 మంది) | విశ్రాంతి మాత్రమే (52 మంది) |
|---|---|---|
| బాగా మెరుగు | 28 (51%) | 4 (8%) |
| కొంత మెరుగు | 10 (18%) | 13 (25%) |
| పెద్దగా మార్పు లేదు | 2 (4%) | 3 (6%) |
| కొంత క్షీణత | 5 (9%) | 12 (23%) |
| బాగా క్షీణత | 6 (11%) | 6 (12%) |
| మరణం | 4 (7%) | 14 (27%) |

దశాంశాలు తీసేయడం వల్ల రెండో గ్రూపు శాతాల మొత్తం 101 వస్తుంది.

ఇదే టేబుల్ మన థీసిస్‌లో పడితే దాని కింద ఏం రాస్తారో మీకు తెలుసు: ‘ఇన్ఫరెన్స్: క్షయలో స్ట్రెప్టోమైసిన్ అత్యంత ప్రభావవంతమైన మందు. మరణాలను గణనీయంగా తగ్గిస్తుంది. కాబట్టి రోగులందరికీ వాడాలి.’ మూడు వాక్యాల్లో ఒక్కటి కూడా టేబుల్‌లో లేదు. టేబుల్‌లో ఉన్నది ఆరు నెలలు, ఒక రకం క్షయ, 107 మంది. ‘అత్యంత’ అనాలంటే ఇంకో మందుతో పోల్చాలి, ఇక్కడ పోల్చలేదు. ‘రోగులందరికీ’ అనాలంటే అన్ని రకాల క్షయ రోగులనూ చూడాలి, చూడలేదు. ‘తగ్గిస్తుంది’ అన్నది కారణం గురించి చేసే వాదన. ర్యాండమైజ్ చేశారు కాబట్టి ఆ వాదనకు ఇక్కడ బలం ఉంది, ఒప్పుకుంటాను. అయినా వాదన కాబట్టి దాన్ని డిస్కషన్‌లో నిలబెట్టాలి. ర్యాండమైజ్ చేయని కేస్ కంట్రోల్ స్టడీలో, ఒక్కసారి చూసి రాసిన క్రాస్ సెక్షనల్ స్టడీలో ఈ క్రియాపదమే పెద్ద తప్పవుతుంది.

ఆ తర్వాత జరిగింది చూడండి. మందు తీసుకున్న చాలామందిలో క్రిమి స్ట్రెప్టోమైసిన్‌కు లొంగకుండా పోయింది. అదే రోగులను ఐదేళ్ల దాకా చూస్తే మందు తీసుకున్న 55 మందిలో 32 మంది, తీసుకోని 52 మందిలో 35 మంది చనిపోయారు. అంటే 58 శాతం, 67 శాతం. ఆరు నెలల నాటి అంత పెద్ద తేడా చాలావరకు కరిగిపోయింది. క్రిమి ఇలా లొంగకుండా పోతున్నందుకే స్ట్రెప్టోమైసిన్ ఒక్కదాన్నే కాకుండా ఇంకో మందుతో కలిపి ఇవ్వడం మొదలైంది. 1948 టేబుల్‌లోని 4, 14 అంకెలు మాత్రం ఈరోజుకీ అలాగే ఉన్నాయి. ఆరు నెలలకు ఎంతమంది చనిపోయారో అంతమందే చనిపోయారు. అర్థం మారింది, అంకె మారలేదు. ఆ రెంటినీ ఒకే పేజీలో ఒకే బాక్సులో కట్టేస్తే, అర్థం మారిన రోజున చదివేవాడికి అంకె మీద కూడా నమ్మకం పోతుంది.

మరి రిజల్ట్స్‌లో ఏం రాయాలని పీజీలు నన్ను అడుగుతారు. నేనైతే ఇదే టేబుల్‌కు ఇలా రాయిస్తాను:

‘ఆరు నెలల చివరికి స్ట్రెప్టోమైసిన్ గ్రూపులో 55 మందిలో నలుగురు (7%), విశ్రాంతి గ్రూపులో 52 మందిలో 14 మంది (27%) చనిపోయారు. తేడా 20 శాతం పాయింట్లు, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ 6 నుంచి 34, కై స్క్వేర్ పరీక్షలో p = 0.007. ఎక్స్‌రేలో బాగా మెరుగుపడినవారు 28 మంది (51%), నలుగురు (8%). తేడా 43 పాయింట్లు, ఇంటర్వల్ 28 నుంచి 58. మిగతా స్థితులు టేబుల్‌లో ఉన్నాయి.’

అంతే. ఆరు వరుసలనూ వాక్యాలుగా మార్చి మళ్లీ చదివించలేదు. అధ్యయనం అడిగిన ప్రశ్నకు జవాబిచ్చే రెండు వరుసలను మాత్రం బయటికి తీసి, టేబుల్‌లో కనిపించనిది, అంటే తేడా ఎంత, అది ఎంత అటూ ఇటూ ఉండొచ్చు అన్నది చేర్చాను. ‘మరణాలు ఒక గ్రూపులో తక్కువ’ అని రాయొచ్చు, అది కంటికి కనిపించే పోలిక. టెస్ట్ ఫలితం చెప్పొచ్చు, అది లెక్క. ‘ఆశ్చర్యకరంగా’, ‘కేవలం’, ‘దురదృష్టవశాత్తు’, ‘మందు వల్ల’, ‘ఇతర అధ్యయనాలతో సరిపోలింది’ అన్న మాటలు వస్తే మాత్రం గీత దాటినట్టే. పి విలువ 0.07 వచ్చినప్పుడు ‘తగ్గే ధోరణి కనిపించింది’ అని రాస్తుంటారు. అది కూడా కోరికే, ఫలితం కాదు. తేడా, దాని ఇంటర్వల్, 0.07 అన్న అంకె రాసి ఊరుకుంటే చాలు. ఇంటర్వల్ చూస్తే తేడా అసలు లేకపోవచ్చా, లేక చాలా పెద్దదే కావచ్చా అన్నది చదివేవాళ్లకే అర్థమవుతుంది.

ఒక మాట ఒప్పుకోవాలి. రిజల్ట్స్‌లో అర్థం అన్నది బొత్తిగా లేకుండా చేయలేం. ‘బాగా మెరుగు’ అని ఎవరిని అనాలో తేల్చడమే ఒక నిర్ణయం. ఏ టేబుల్ ముందు పెట్టాలన్నదీ నిర్ణయమే. కానీ ఆ నిర్ణయాలు డేటా చూడకముందే జరగాలి, మెథడ్స్ చాప్టర్‌లో రాతపూర్వకంగా ఉండాలి. ఎక్స్‌రే ఎవరు చదివారు, గ్రూపు తెలిసి చదివారా అన్నది 1948 పేపర్ చెప్పింది కాబట్టే ఆ ఆరు వరుసలకు విలువ వచ్చింది. మన థీసిస్‌లలో ‘మంచి ఫలితం, ఓ మోస్తరు ఫలితం, ఫలితం లేదు’ అని టేబుల్ ఉంటుంది గానీ, ఎంత స్కోరు వస్తే మంచి ఫలితమో మెథడ్స్‌లో వెతికినా దొరకదు.

ఇక టేబుల్ లోపలి సంగతి. నేను ఎక్కువగా సరిచేయించేది శాతం దిశ. ఎస్పీఎస్ఎస్‌లో క్రాస్ ట్యాబ్ చేసేటప్పుడు అడ్డవరుస శాతం, నిలువువరుస శాతం రెండూ టిక్ పెట్టుకోవచ్చు. ఏది కావాలో తెలియక పీజీలు ఏదో ఒకటి పెడతారు, లేదా రెండూ పెట్టి రెండూ టేబుల్‌లో దింపుతారు. పై టేబుల్‌లో ‘బాగా మెరుగు’ వరుసలో మొత్తం 32 మంది. అడ్డంగా లెక్కేస్తే 32లో 28 అంటే 88 శాతం స్ట్రెప్టోమైసిన్ కింద పడుతుంది. టేబుల్‌లో ఆ 88 కనిపిస్తే చదివినవాళ్లు ‘మందు తీసుకున్నవాళ్లలో 88 శాతం బాగా మెరుగయ్యారు’ అనుకుంటారు. నిజానికి అయింది 51 శాతమే. 88 చెప్పేది వేరే సంగతి: బాగా మెరుగైనవాళ్లలో మందు తీసుకున్నవాళ్లు ఎందరు అని. ఆ అంకె రెండు గ్రూపుల్లో ఎంతమందిని తీసుకున్నామన్న దాన్నిబట్టి కూడా మారిపోతుంది. ట్రయల్‌లోనైనా, ఒక గుంపును ముందుకు వెంబడించే స్టడీలోనైనా శాతం ఎప్పుడూ గ్రూపు మొత్తం మీద ఉండాలి. ఆ మొత్తం నిలువువరుస తలకాయలోనే కనిపించాలి, పైన 55, 52 అని ఉన్నట్టు. గైడ్‌గా మీరు చెయ్యగలిగే తనిఖీ చాలా సులువు. ఏదో ఒక శాతం మీద వేలు పెట్టి ‘ఇది ఎంతమందిలో?’ అని అడగండి. పీజీ వెంటనే చెప్పలేకపోతే టేబుల్ మళ్లీ వేయించాలి.

ఒక కొలత కొందరికి తీయలేకపోతే ఆ వరుసలో మొత్తం మారుతుంది. వంద మందిలో 92 మందికే హెచ్‌బీఏ1సీ ఉందనుకోండి, శాతం 92 మీద లెక్కకట్టి, 92 అని అక్కడే రాయాలి. చాలా థీసిస్‌లలో ఈ ఎనిమిది మంది చప్పుడు లేకుండా మాయమవుతారు. వరుసలు కూడితే పైన ఉన్న మొత్తం రాకపోవడమే దానికి గుర్తు.

దశాంశాల గురించి కూడా చెప్పాలి. 55 మందిలో ఒక్క మనిషి అంటే దాదాపు రెండు శాతం. అక్కడ 50.91% అని రాయడం వల్ల కచ్చితత్వం పెరగదు, చదవడం కష్టమవుతుంది. అలాగే ఎస్పీఎస్ఎస్ తెర మీద `Sig.` కింద `.000` కనిపిస్తే దాన్ని యథాతథంగా `p = 0.000` అని దింపేస్తున్నారు. పి విలువ సున్నా కాదు. సాఫ్ట్‌వేర్ మూడు దశాంశాలకే చూపిస్తోంది కాబట్టి అలా కనిపిస్తుంది, `p < 0.001` అని రాయాలి. తక్కినచోట్ల అసలు అంకె రాయాలి గానీ ‘ఎన్ఎస్’ అని కొట్టిపారేయకూడదు. ర్యాండమైజ్ చేసిన ట్రయల్‌లో మొదటి టేబుల్, అంటే వయసు, బరువు, ఆడామగా లెక్క, అక్కడ ప్రతి వరుసకూ పి విలువ వేయడం మానిపించండి. గ్రూపులను మనమే ర్యాండమ్‌గా విడదీశాక వాటి మధ్య మొదట్లో ఉన్న తేడా యాదృచ్ఛికమా అని టెస్ట్ చేయడంలో అర్థం లేదు. తేడా పెద్దదా చిన్నదా అన్నది అంకెలు చూస్తే తెలుస్తుంది. కన్సార్ట్ మార్గదర్శకాల వివరణ కూడా దీన్ని వద్దంటుంది.

ఇప్పుడు బొమ్మల దగ్గరికి వస్తాను, నాకు ఎక్కువ బాధ కలిగేది ఇక్కడే. స్ట్రెప్టోమైసిన్ టేబుల్‌కు పై చార్టులు వేయాలంటే రెండు కావాలి, ఒక్కోదాంట్లో ఆరు ముక్కలు. కుడివైపు చార్టులోని కొంత క్షీణత ముక్క, ఎడమవైపు చార్టులోని అదే ముక్క కంటే ఎన్ని రెట్లో చూసి చెప్పడం ఎవరివల్లా కాదు. దాన్ని త్రీడీ చేస్తే ఇంకా కష్టం, ముందువైపు ఉన్న ముక్కకు అంచు మందం కూడా కలిసి అసలుకంటే పెద్దదిగా కనిపిస్తుంది. అదే డేటాకు బొమ్మ కావాల్సిందే అంటే, రెండు గ్రూపులకు రెండు అడ్డపట్టీలు ఒకదాని కింద ఒకటి గీయించండి. రెండూ ఒకే పొడవు, వంద శాతానికి. రంగు బాగా మెరుగు నుంచి మరణం దాకా లేతది మొదలై ముదురుకు వెళ్లాలి. అప్పుడు జిరాక్స్ తీసినా తేడా తెలుస్తుంది. కానీ పన్నెండు అంకెలే ఉన్నచోట నా ఓటు టేబుల్‌కే. ఆడవాళ్లెందరు, మగవాళ్లెందరు అన్నదానికైతే టేబుల్ కూడా అక్కర్లేదు, ఒక్క వాక్యం చాలు.

బొమ్మ నిజంగా అవసరమయ్యేది టేబుల్‌లో కనిపించని ఆకారం ఉన్నప్పుడు. అనస్థీషియా థీసిస్‌లో ఆపరేషన్ తర్వాత నొప్పి స్కోరు గంటల వారీగా ఎలా మారిందన్నది గీతల బొమ్మలో ఒక్క చూపుకి తెలుస్తుంది. ఆ స్కోర్లను సగటు, ఎస్‌డీలుగా టేబుల్ వేసి బార్లు గీస్తే డేటా దాక్కుంటుంది. నొప్పి స్కోరు సగటు 1.2, ఎస్‌డీ 1.8 అని ఉందనుకోండి. సున్నాకు తగ్గలేని కొలతలో ఎస్‌డీ సగటును మించిందంటే, చాలామంది సున్నా దగ్గర ఉన్నారు, కొద్దిమంది బాగా పైన ఉన్నారు అని. ఆ కొద్దిమందే మనం చూడాల్సిన రోగులు. అక్కడ మీడియన్, క్వార్టైల్స్ రాయించి, బార్ల బదులు ఒక్కో రోగికి ఒక్కో చుక్క పెట్టించండి. ముప్పై, నలభై మంది ఉన్న గ్రూపులో చుక్కలన్నీ హాయిగా పడతాయి.

బార్ చార్టే వేస్తే నిలువు గీత సున్నా నుంచి మొదలవ్వాలి. విలువలు దగ్గరదగ్గరగా ఉంటే ఎక్సెల్ తనంతట తానే కింది భాగం కత్తిరించేస్తుంది. రెండు గ్రూపుల సగటు బీపీ 128, 124 అనుకోండి. గీత 122 నుంచి మొదలైతే ఒక బారు ఆరు గడులు, ఇంకోటి రెండు గడులు, చూడ్డానికి మూడు రెట్లు. ఉన్న తేడా నాలుగు పాయింట్లే. కింద ఏ వాక్యం రాయకపోయినా ఆ బొమ్మే ఒక ఇన్ఫరెన్స్ అయి కూర్చుంటుంది.

మీలో కొందరి అభ్యంతరం నాకు తెలుసు. గ్రాఫులు లేకపోతే ఎక్స్‌టర్నల్ అడుగుతారు, థీసిస్ పలచగా ఉంటుంది, ఇన్ఫరెన్స్ లేకపోతే పీజీకి తన ఫలితం అర్థమైందో లేదో తెలియదు అంటారు. మొదటిదానికి మీరే జవాబు చెప్పగలరు, ఎందుకంటే ఇంకో కాలేజీకి ఎక్స్‌టర్నల్‌గా వెళ్లేది కూడా మీరే. పలచగా ఉంటుందన్నదానికి, ఆ థీసిస్‌నే జర్నల్‌కు పంపేటప్పుడు ఏమవుతుందో గుర్తు చేసుకోండి. టేబుళ్లు, బొమ్మలు కలిపి ఇన్ని మించకూడదని చాలా జర్నళ్లు ముందే చెబుతాయి. అప్పుడు ముప్పై పై చార్టులనూ పీకేసి, అంతా కొత్తగా రాయాల్సి వస్తుంది, అప్పటికి పీజీ పాసై వెళ్లిపోయి ఉంటాడు. మూడో అభ్యంతరం న్యాయమైనదే. కానీ పీజీకి అర్థమైందీ లేనిదీ చూపించే చోటు డిస్కషన్. ఇప్పుడు మన డిస్కషన్ చాప్టర్లు ఎందుకంత పేలవంగా ఉంటున్నాయంటే, చెప్పాల్సింది ఇన్ఫరెన్స్ వాక్యాల్లో ముందే అయిపోయింది. ఇక మిగిలింది ‘మా అధ్యయనంలో ఇంత, ఫలానావారి అధ్యయనంలో ఇంత’ అనే జాబితా. వాళ్లకూ మనకూ తేడా ఎందుకు వచ్చింది, మన రోగులు వేరా, కొలిచిన పద్ధతి వేరా, మన గ్రూపు చిన్నదా అన్న చర్చ రావడం లేదు. కొన్ని జర్నళ్లు రిజల్ట్స్, డిస్కషన్ కలిపి రాయమంటాయి, నిజమే. అక్కడ కూడా ముందు అంకె, తర్వాత వేరే వాక్యంలో దాని అర్థం.

దీనికి మందు డేటా వచ్చాక వేయలేం, ముందే వేయాలి. ప్రోటోకాల్ రాసే రోజే పీజీ చేత ఖాళీ టేబుళ్లు వేయించండి. తలకాయలు, వరుసలు, శాతం ఎందులో అన్నది అన్నీ రాసి, గడులు మాత్రం ఖాళీగా. స్ట్రెప్టోమైసిన్ టేబుల్‌ను గడులు తుడిచేసి చూడండి. ఏం కొలుస్తారు, ఎప్పుడు కొలుస్తారు, ఎవరితో పోలుస్తారు అన్నదంతా ఖాళీ గడుల్లోనే తెలిసిపోతుంది. ఖాళీ టేబుల్ వేయలేని పీజీకి రీసెర్చ్ ప్రశ్న ఇంకా కుదరలేదని అర్థం, ఏడాదిన్నర తర్వాత నా దగ్గరికి వచ్చి ‘సార్, ఏ టెస్ట్ పెట్టాలి’ అని అడిగే బదులు ఆ సంగతి ఆ రోజే తేలుతుంది. నాలుగైదు ఖాళీ టేబుళ్లు, అవసరమైతే ఒకటో రెండో బొమ్మల చిత్తు గీతలు, ఇవి లేని ప్రోటోకాల్‌ను ఎథిక్స్ కమిటీకి పంపకండి. థీసిస్ డ్రాఫ్ట్ మీ బల్ల మీదికి వచ్చినప్పుడు ఆ ఖాళీ టేబుళ్లు పక్కన పెట్టుకుని, ఇప్పుడు కొత్తగా వచ్చి చేరిన టేబుల్ ఏదైనా ఉంటే ఎందుకు వచ్చిందో అడగండి. డేటా చూశాక పుట్టినదైతే ఆ మాట థీసిస్‌లోనే రాయించండి.

ఈ విద్యాసంవత్సరం ప్రోటోకాల్ మీటింగ్ నుంచే మొదలుపెట్టమని కోరుతున్నాను.

ఇట్లు
మీ పీజీలకు బయోస్టాటిస్టిక్స్ చెప్పే ఒక అధ్యాపకుడు